బొగ్గు కుప్ప, కాంటా చిట్టీ, కరెంటు బిల్లు: లిమిటెడ్ నుంచి రీజనబుల్ అస్యూరెన్స్‌కు మారిన ఒక ప్లాంటు కేసు

వరంగల్, కరీంనగర్ మధ్య రోడ్డు పక్కన తవుడు నూనె తీసే ప్లాంటు ఒకటి ఉందనుకుందాం. ఇది స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ఓ పెద్ద కంపెనీకి చెందిన యూనిట్. ఆవిరి కోసం బాయిలర్‌లో సింగరేణి బొగ్గు, చుట్టుపక్కల రైస్ మిల్లుల నుంచి వచ్చే ఊక కలిపి మండిస్తారు. కరెంటు ఉత్తర డిస్కం హెచ్‌టీ లైను నుంచి వస్తుంది, కరెంటు పోతే డీజిల్ జనరేటర్ ఉంది. ప్లాంటునూ అంకెలనూ ఈ వ్యాసం కోసం కల్పించాం. పనిలో వాడే పద్ధతులు, దొర్లే తప్పులు మాత్రం ఫీల్డులో రోజూ కనిపించేవే.

పర్యావరణ, సామాజిక వివరాలు వెల్లడించే తన బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక మీద 2023-24కి ఈ కంపెనీ స్వచ్ఛందంగా లిమిటెడ్ అస్యూరెన్స్, అంటే బయటి సంస్థతో పరిమిత స్థాయి తనిఖీ చేయించుకుంది. ఆ ఏడాది పని చేసింది వేరే సంస్థ. 2024-25కి వచ్చేసరికి టాప్ 250 కంపెనీల వరుసలో, ఆ నివేదికలోని కీలక సూచికల భాగమైన బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ తప్పనిసరి అయింది. సెబీ 2023 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం కోర్ సూచికలకు రీజనబుల్ అస్యూరెన్స్, అంటే అంతకన్నా లోతైన తనిఖీ కావాలి. 2025 మార్చిలో సెబీ దాన్ని సడలించి, అసెస్‌మెంట్ గానీ అస్యూరెన్స్ గానీ ఏదో ఒకటి ఎంచుకోవచ్చంది. కంపెనీ అస్యూరెన్స్‌నే ఎంచుకుంది, ఈసారి పని మాది. కోర్‌లో తొమ్మిది అంశాలున్నా ఇక్కడ ఒక్కదాన్నే తీసుకుంటున్నాం. అది గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క, అందులోనూ ముఖ్యంగా బొగ్గు. రెండు స్థాయుల తేడా అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది అక్కడే.

ప్లాంటు ఇచ్చిన లెక్క ఇది. బొగ్గు 9,600 టన్నులు, దాని ఉద్గారం 16,030 టన్నుల కార్బన్ డయాక్సైడ్. కరెంటు 6,200 మెగావాట్ అవర్లు, 4,507 టన్నులు. డీజిల్ 40 కిలోలీటర్లు, 107 టన్నులు. ఊకకు సున్నా. మొత్తం సుమారు 20,645 టన్నులు. బొగ్గు మండినప్పుడు వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కొంచెమే కాబట్టి లెక్క సులువు కోసం వాటిని పక్కన పెట్టాం. ఎంత తప్పుంటే ముఖ్యమైనదిగా లెక్కించాలో చెప్పే గీత, అంటే మెటీరియాలిటీ, 5 శాతం. అది సుమారు 1,030 టన్నులు. పని చేసేటప్పుడు వాడే పర్ఫార్మెన్స్ మెటీరియాలిటీని దానికన్నా తక్కువగా, 670 టన్నుల దగ్గర పెట్టాం.

లిమిటెడ్ ఫైల్లో ఏముంది

పాత ఏడాది వర్కింగ్ పేపర్లు చూస్తే బొగ్గు మీద నాలుగు పనులు కనిపించాయి. నెలవారీ బొగ్గును నెలవారీ ఆవిరితో భాగించి, నెలల మధ్య పోల్చారు. రెండు నెలల్లో నిష్పత్తి పెరిగితే బాయిలర్ ఇంచార్జిని అడిగి, వానకు బొగ్గు తడిసిందన్న జవాబు రాసుకున్నారు. ఐదు లారీల కాంటా చిట్టీలు చూశారు. ఉద్గార గుణకం ఏ పట్టికలోదో సరిచూశారు. కరెంటుకు పన్నెండు బిల్లుల మొత్తం కలిపి చూసుకున్నారు.

లిమిటెడ్ అస్యూరెన్స్ అంటే స్థూలంగా ఇదే. తప్పు ఎక్కడ దొర్లే అవకాశం ఎక్కువో ఆలోచించి, అక్కడ అడగడం, పోల్చడం, కొద్దిగా కాగితాలు చూడడం. ముగింపు కూడా ఆ మేరకే ఉంటుంది: "మేం చేసిన పనిలో, ఈ సమాచారం ముఖ్యమైన అన్ని విషయాల్లో ప్రమాణాల ప్రకారం తయారు కాలేదని అనుకోవడానికి కారణమయ్యేదేదీ మా దృష్టికి రాలేదు." రీజనబుల్‌లో వాక్యం తిరగబడుతుంది: "మా అభిప్రాయంలో ఈ సమాచారం ముఖ్యమైన అన్ని విషయాల్లో ప్రమాణాల ప్రకారం తయారైంది." రెండో వాక్యం మీద సంతకం పెట్టాలంటే దృష్టికి ఏమీ రాకపోవడం సరిపోదు. అంకె నిజమని చూపే రుజువు చేతిలో ఉండాలి.

ఒక విషయంలో చాలామంది పొరపడతారు. లిమిటెడ్‌లో తక్కువ పని చేస్తే చాలన్నది నిజమే గానీ, ఒకసారి అనుమానం కలిగాక స్థాయి పేరు చెప్పి ఆగడానికి వీల్లేదు. అస్యూరెన్స్ పనికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఏఈ 3000 ప్రకారం అంకె తప్పయి ఉండొచ్చని తోచిన క్షణం నుంచి, అది తప్పు కాదనో తప్పేననో తేలేదాకా అదనపు పని చేయాల్సిందే. వానకు తడిసిందన్న జవాబు వచ్చినప్పుడు ల్యాబ్‌లో తేమ రిపోర్టు అడగాలి. తేమ పెరగలేదని రిపోర్టు చెబితే ఆ జవాబు నిలవదు.

నెలవారీ పోలికకు ఉన్న అసలు బలహీనత వేరే. అది మార్పును పట్టుకుంటుంది, స్థిరమైన తప్పును పట్టుకోదు. పన్నెండు నెలలూ ఒకే తప్పు ఒకేలా జరిగితే గ్రాఫ్ చదునుగా, చూడముచ్చటగా ఉంటుంది. ఈ ప్లాంటులో దొరికిన తప్పులన్నీ ఆ రకమే.

బొగ్గు ఎంత వచ్చింది

బొగ్గు వాడకాన్ని ప్లాంటు నేరుగా కొలవదు. ఆరంభ నిల్వకు వచ్చిన లోడ్లు కలిపి, ముగింపు నిల్వ తీసేస్తుంది:

```
608 + 9,984 − 992 = 9,600 టన్నులు
```

మూడు అంకెలకు మూడు రకాల రుజువు కావాలి. వచ్చిన లోడ్ల సంగతి ముందు చూద్దాం. ఏడాదికి సుమారు 400 లారీలు. ప్రతి లారీకి గని దగ్గర ఒక తూకం, ప్లాంటు కాంటా మీద నిండు లారీ తూకం, ఖాళీ లారీ తూకం, గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో నంబరు, స్టోర్‌లో ఎంట్రీ, చివరికి అకౌంట్స్‌లో బిల్లు.

రీజనబుల్‌లో పరీక్ష రెండు దిక్కుల నుంచీ నడవాలి. బొగ్గు రిజిస్టర్ నుంచి చిట్టీలకు వెళ్తే, రాసిన లోడు నిజంగా వచ్చిందో లేదో తెలుస్తుంది. రాయకుండా వదిలేసిన లోడు మాత్రం అలా ఎప్పటికీ దొరకదు. దానికి సెక్యూరిటీ గేటు రిజిస్టర్ నుంచి మొదలుపెట్టి బొగ్గు రిజిస్టర్‌కు రావాలి. ఉద్గారాల లెక్కలో తక్కువ చూపే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఈ రెండో దిక్కే ఎక్కువ విలువైనది. గేటు రిజిస్టర్‌ను ఉంచేది, బొగ్గు లెక్క రాసేది ఒకే మనిషైతే ఈ పరీక్షకు అర్థం లేదు. ముందు అది చూసుకోవాలి.

గేటు నుంచి 30 లారీలు ఎంచితే, ఒక దానికి ప్లాంటు కాంటా చిట్టీ లేదు. ఆ రాత్రి కాంటా కంప్యూటర్ పనిచేయక, గని తూకాన్నే చేత్తో రాశారు. ముప్పైలో ఒకటే కదా అని వదిలేస్తే అది రీజనబుల్ అవ్వదు. కారణం తెలిసింది కాబట్టి అదే కారణంతో ఎన్ని లారీలు వచ్చాయో మొత్తం వెతకాలి. కాంటా సాఫ్ట్‌వేర్ ఆగిన రాత్రుల జాబితా తీస్తే 11 లారీలు తేలాయి. సప్లయర్ బిల్లుతో, గని తూకంతో సరిపోల్చితే తేడా 1 శాతం లోపే. అంకె నిలిచింది. కంట్రోల్‌లో లోపం మాత్రం మేనేజ్‌మెంట్‌కు రాతపూర్వకంగా వెళ్లింది.

కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి పడాలి. సర్టిఫికెట్ తేదీలు ఏడాది మొత్తాన్ని కవర్ చేస్తున్నాయా అన్నది చూడాలి. ఫైల్లో తాజా సర్టిఫికెట్ ఒక్కటే పెట్టుకుంటే, అంతకు ముందు కొన్ని నెలలు ముద్ర లేకుండా నడిచి ఉంటే ఆ సంగతి తెలియదు.

కుప్ప బరువు

మార్చి 31న కుప్ప కొలిచేటప్పుడు అస్యూరెన్స్ టీం అక్కడ ఉండాలి. తర్వాత వెళ్లి చూద్దామంటే ఆ కుప్ప ఉండదు, బాయిలర్‌లోకి పోయి ఉంటుంది. లిమిటెడ్‌లో సర్వే షీట్ తెప్పించుకుని సరిచూస్తే సరిపోవచ్చు. ఇక్కడ సరిపోదు.

సర్వేయర్ కొలిచిన ఘనపరిమాణం 1,240 ఘనపు మీటర్లు. దాన్ని స్టోర్ వాళ్లు 0.80తో గుణించి 992 టన్నులు రాశారు.

"అన్నా, ఈ పాయింట్ ఎనబై ఎక్కడిది?"

"మొదట్నుంచి గదే వాడుతున్నం సార్. పాత మేనేజర్ సార్ జెప్పిండు."

0.80 అసాధ్యమైన అంకె కాదు. వదులుగా పోసిన బొగ్గుకు దగ్గర్లోనే ఉంటుంది. కానీ ఇది లోడర్ ఎక్కి తొక్కిన కుప్ప. సాంద్రత తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కొలిచిన ఇనుప పెట్టెలో బొగ్గు నింపి తూయడం. ఇది తేలిక, కానీ పెట్టెలో పడేది తవ్వి వదులు చేసిన బొగ్గు కాబట్టి సాంద్రత తక్కువ వస్తుంది. రెండోది, కుప్పకు ఒక పక్క చదునుగా కోసి, కోసిన భాగం ఎంతుందో ముందూ తర్వాతా సర్వే చేసి, తీసిన బొగ్గంతా లారీలో కాంటాకు పంపడం. ఇక్కడ రెండూ చేయించాం. పెట్టెలో 0.86 వచ్చింది. కోసిన భాగం 26 ఘనపు మీటర్లు, తూకం 23.9 టన్నులు, అంటే 0.92. కుప్ప లోపలి స్థితిని చూపేది రెండోదే కాబట్టి దాన్నే తీసుకున్నాం. ముగింపు నిల్వ 992 కాదు, 1,141 టన్నులు.

ఇక్కడ తొందరపడి 149 టన్నులు తేడా అని రాసేస్తే తప్పు. ఆరంభ నిల్వనూ అదే 0.80తో లెక్కించారు. 760 ఘనపు మీటర్లకు 608 టన్నులు అని. దానికీ 0.92 వేస్తే 699 అవుతుంది. రెండు పక్కలా సరిచేస్తే:

```
699 + 9,984 − 1,141 = 9,542 టన్నులు
```

తేడా 58 టన్నులే. అంటే సాంద్రతలో తప్పు ఎంత పెద్దదైనా, రెండు కుప్పల మధ్య తేడాకు మాత్రమే అది తగులుతుంది.

కానీ ఇంకో చిక్కుంది. ఆరంభ కుప్పను మన టీం చూడలేదు, అది లిమిటెడ్ ఏడాదిది. రీజనబుల్‌కు మారిన మొదటి ఏడాది అందరికీ ఎదురయ్యేది ఇదే. ఈ ఏడాది సాంద్రతను పోయినేటి కుప్పకు వేయాలంటే ఆధారం కావాలి. బొగ్గు అవే గనుల నుంచి వచ్చిందని సప్లయ్ కాగితాలు చూపాయి. రెండు కొలతలూ మార్చి ఎండలోనే జరిగాయి, తేమలో పెద్ద తేడా ఉండదు. 760 అన్న ఘనపరిమాణానికి సర్వేయర్ అసలు షీటు దొరికింది. పైగా ఏప్రిల్ మొదటి రెండు వారాల ఆవిరి నుంచి వెనక్కి లెక్కిస్తే వచ్చిన నిల్వ కూడా దరిదాపుల్లోనే ఉంది. ఇవేవీ దొరక్కపోయి ఉంటే, ఆరంభ నిల్వకు ఉండగల కనిష్ఠ, గరిష్ఠాలు పెట్టి, ఆ తేడా మెటీరియాలిటీని దాటుతుందా అని చూడాలి. ఇక్కడ దాటదు. దాటే చోట అభిప్రాయంలో మినహాయింపు రాయక తప్పదు.

ఏ వేడి, ఏ గుణకం

టన్నులు తేలాక వేడి లెక్క. కంపెనీ బిల్లు మీద ఉన్న జీ11 గ్రేడు చూసి, ఆ గ్రేడు పరిధి 4,001 నుంచి 4,300 కిలోకేలరీలు కాబట్టి మధ్యలో 4,150 తీసుకుంది. అంటే టన్నుకు 17.375 గిగాజౌళ్లు. దాన్ని వాతావరణ మార్పుపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ పట్టికలోని, గిగాజౌలుకు 96.1 కిలోల గుణకంతో గుణించింది. టన్ను బొగ్గుకు 1.670 టన్నుల ఉద్గారం.

ఇందులో గ్రేడు చెప్పేది గ్రాస్ వేడి, అంటే మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలోని వేడిని కూడా కలిపిన లెక్క. ఐపీసీసీ గుణకం ఆ ఆవిరి వేడిని తీసేసిన నెట్ వేడికి కట్టింది. బొగ్గుకు నెట్, గ్రాస్ కన్నా సుమారు 5 శాతం తక్కువని ఐపీసీసీయే చెబుతుంది. సరిచేస్తే టన్నుకు 1.586. పాత 9,600 టన్నుల మీదే ఇది 802 టన్నుల ఉద్గారం ఎక్కువ చూపడం. ఒక్క ఈ తప్పే పర్ఫార్మెన్స్ మెటీరియాలిటీని దాటింది. ఇది రీజనబుల్‌లోనే బయటపడాల్సిన తప్పేమీ కాదు. లెక్కింపు పద్ధతి సరైందేనా అన్న ప్రశ్న లిమిటెడ్‌లోనూ వేయాలి. పోయినేడు గుణకం పట్టికలో ఉందని చూశారు గానీ, ఆ పట్టిక ఏ వేడికి రాసిందో చూడలేదు.

రీజనబుల్ అదనంగా కోరేది 4,150కి రుజువు. గ్రేడు పరిధి మధ్య అంకె ఒక ఊహ. మూడో పక్షం ల్యాబ్ రిపోర్టులు కావాలి, నమూనా లారీలో ఎక్కడెక్కడ తీశారో తెలియాలి. ప్లాంటు సొంత ల్యాబ్ అయితే బాంబ్ క్యాలరీమీటర్‌ను బెంజోయిక్ యాసిడ్‌తో సరిచూసిన రికార్డు ఉండాలి. ల్యాబ్ గాలికి ఆరబెట్టిన నమూనా మీద వేడి చెబితే, దాన్ని కాంటా ఎక్కిన తేమ బొగ్గు మీదికి మార్చకుండా గుణించకూడదు. టన్ను ఏ స్థితిలో తూగిందో, వేడి కూడా ఆ స్థితిదే కావాలి. ఈ కేసులో ల్యాబ్ రిపోర్టులను అలా మార్చి చూస్తే సగటు 4,150కి దగ్గరే తేలింది కాబట్టి కదిలించలేదు.

కరెంటు బిల్లు

తెలంగాణలో హెచ్‌టీ వినియోగదారులకు ఎనర్జీ చార్జీ కేవీఏహెచ్, అంటే కిలో వోల్ట్ యాంపియర్ అవర్ల మీద పడుతుంది. బిల్లులో నిజంగా వాడిన కరెంటును చూపే కేడబ్ల్యూహెచ్, అంటే కిలోవాట్ అవర్లు కూడా ఉంటాయి, కానీ డబ్బు లెక్క పక్కన కనిపించేది కేవీఏహెచ్. అకౌంట్స్ వాళ్లు దాన్నే ఎక్సెల్‌లోకి ఎక్కించారు. 6,200 అన్నది నిజానికి మెగా వోల్ట్ యాంపియర్ అవర్లు. పవర్ ఫ్యాక్టర్ 0.97 కాబట్టి అసలు వాడకం 6,014 మెగావాట్ అవర్లు. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ డేటాబేస్ 20వ వెర్షన్‌లోని 0.727తో గుణిస్తే 4,372 టన్నులు. తేడా 135. పన్నెండు బిల్లులూ కలిపి చూసిన పాత టీంకు ఇది కనిపించకపోవడం సహజమే, కూడిక సరిగ్గానే ఉంది, కలిపిన గడే వేరు. బిల్లు కాగితం మీద ఏ గడి నుంచి ఏ అంకె ఎత్తారో వేలు పెట్టి చూస్తేనే దొరుకుతుంది.

ఊక

ఉద్గారాల లెక్కను స్కోప్‌లనే విభాగాలుగా చూపుతారు, ప్లాంటులోనే మండించే ఇంధనం నుంచి వచ్చేది స్కోప్ 1. ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం ఆ స్కోప్‌లకు బయట విడిగా చూపుతారు. దాని మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ స్కోప్ 1లోకే రావాలి. కంపెనీ సున్నా రాసింది. 5,000 టన్నుల ఊకకు ఐపీసీసీ సాధారణ విలువలతో సుమారు 110 టన్నులు వస్తాయి.

ఉద్గారం చిన్నదే. కానీ బీఆర్‌ఎస్‌ఆర్‌లో పునరుత్పాదక ఇంధనం ఎంత వాడారన్న గడి ఉంది, ఈ ప్లాంటులో అది దాదాపు మొత్తం ఊకే. ఆ 5,000కు ఉన్న ఆధారం ట్రాక్టర్ ట్రాలీల లెక్క, ట్రాలీకి ఇంతని ఒక సగటు. సగం సప్లయర్లకు పక్కా బిల్లులు లేవు. ఆవిరి వైపు నుంచి సరిచూద్దామంటే, 63,500 టన్నుల ఆవిరికి, 72 శాతం బాయిలర్ సామర్థ్యంతో, బొగ్గు వేడి పోగా ఊక 4,970 టన్నులని వస్తుంది. చూడ్డానికి చక్కగా సరిపోయింది. అయితే సామర్థ్యాన్ని 70 నుంచి 74 మధ్య కదిలిస్తే ఊక 5,500 నుంచి 4,470 దాకా ఊగుతుంది. పెద్ద అంకెలోంచి పెద్ద అంకె తీసేయగా మిగిలేది కాబట్టి రెండు పక్కల తప్పులూ ఊక మీదే పడతాయి. లిమిటెడ్‌కు ఈ పోలిక మంచి రుజువు. రీజనబుల్‌కు ఇంత వెడల్పు పరిధి చాలదు.

అందుకే నగదు చెల్లింపు వోచర్ల నుంచి ట్రాలీలు లెక్కపెట్టి, ఒక వారం పాటు వచ్చిన ప్రతి ట్రాలీనీ కాంటా ఎక్కించి, ట్రాలీ సగటును తేల్చాం. అది ప్లాంటు వాడిన సగటుకు 3 శాతం లోపే వచ్చింది. వోచర్లు, తూకం, ఆవిరి లెక్క మూడూ ఒకే వైపు చూపాక 5,000ను ఒప్పుకున్నాం.

మొత్తం కలిపితే

ఎక్కువ చూపినవి బొగ్గు వేడిలో 802, నిల్వలో 92, కరెంటులో 135. మొత్తం 1,029, మెటీరియాలిటీ గీతను దాదాపు తాకింది. తక్కువ చూపింది ఊకలో 110. నికరంగా 919.

"ఎక్కువే చూపినం గద సార్, తక్కువ జూపితే తప్పు గానీ" అన్నది ఫైనాన్స్ వాళ్ల మొదటి మాట. ఈ మాట చాలా చోట్ల వినిపిస్తుంది, ఒప్పుకోకూడదు. ఈ ఏడాది అంకె రేపటి తగ్గింపుకు బేస్‌లైన్. వచ్చే ఏడాది గ్రాస్ నుంచి నెట్‌కు నిశ్శబ్దంగా మారితే, ఒక్క కిలో బొగ్గు తగ్గించకుండానే బొగ్గు ఉద్గారంలో 5 శాతం తగ్గింపు నివేదికలో కనిపిస్తుంది. తప్పులన్నీ ఒకే పక్కకు వాలుతుంటే, విడివిడిగా చిన్నవే అయినా కలిపి చూడాలి. ఊక 110ని అడ్డం పెట్టి గీతకు దూరంగా జరుపుకోవడమూ కుదరదు, అది వేరే కారణంతో జరిగిన వేరే తప్పు.

కంపెనీ నాలుగూ సరిచేసింది. బొగ్గు 15,136, కరెంటు 4,372, డీజిల్ 107, ఊక 110. కొత్త మొత్తం 19,725 టన్నులు. వేడి, కరెంటు, ఊక తప్పులు 2023-24లోనూ ఉన్నాయి కాబట్టి ఆ ఏడాది అంకెనూ తిరిగి లెక్కించి, ఎందుకు మారిందో నివేదికలో రాసింది. సరిచేసిన 2024-25 అంకెకు రీజనబుల్ అభిప్రాయం ఇచ్చాం. పక్క నిలువు వరుసలోని 2023-24 అంకె దగ్గర, దాని మీద అప్పట్లో మరో అస్యూరర్ ఇచ్చింది లిమిటెడ్ ముగింపు అని, ఆ ముగింపు సరిచేయక ముందరి అంకె మీదని, మార్చిన అంకె మా అభిప్రాయం కిందికి రాదని స్పష్టంగా రాయించాం. రెండు అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చుంటాయి కాబట్టి, ఈ వాక్యం లేకపోతే చదివేవాళ్లు రెండింటికీ ఒకే స్థాయి రుజువు ఉందనుకుంటారు.